ఇల్లు మీదే కావచ్చు, తలుపు వాళ్ళది



"రేపు వస్తున్నాం. ఇల్లు చెక్ చేయాలి. ఇంట్లో ఉండండి."

ఇది ధర్మవరంలో ఒక మాలిక్ మకాన్ తన కిరాయెదారుకు రాత్రి తొమ్మిదిన్నరకు పంపిన వాట్సాప్ మెసేజ్. ఇద్దరూ మనవాళ్ళే. ఒకే మస్జిద్‌లో, ఒకే సఫ్‌లో నిలబడేవాళ్ళు. ఈ మెసేజ్‌లో బూతు లేదు, బెదిరింపు లేదు. అయినా చదివిన ఆ ఇంటి ఆడమనిషికి రాత్రంతా నిద్ర పట్టలేదట. ఎన్నింటికి వస్తారు? ఎంతమంది వస్తారు? ఏం చూస్తారు? మమ్మల్ని ఖాళీ చేయమంటారా? వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్ళలోనూ బాడుగ ఇళ్ళ గొడవలు నా చెవిన పడుతూనే ఉంటాయి. బాడుగ పెంచడం, అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం, నీళ్ళ మోటారు కరెంటు బిల్లు, వీటి గురించి అందరూ మాట్లాడతారు. ఈ "చెక్ చేయడం" గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మాలిక్‌కు అది తన హక్ అనిపిస్తుంది. కిరాయెదారుకు అది తన నసీబ్ అనిపిస్తుంది. నేను ఇక్కడ మన మాలిక్‌లతోనే జగడం పెట్టుకోవాలనుకుంటున్నాను. పరాయివాళ్ళ సంగతి తర్వాత. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కునేటప్పుడు మన పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అనే మాట విని మనం ఎంత కుమిలిపోతామో మనకు తెలుసు. ఆ బాధ తెలిసిన మనమే, మన చేతికి నాలుగు గదులు బాడుగకు ఇచ్చే తాకత్ రాగానే, లోపల ఉన్నవాళ్ళ ఇజ్జత్ మరిచిపోతున్నాం.

మాలిక్‌లు చెప్పే మొదటి మాట, "నా ఇంట్లోకి నేను పోవడానికి ఇజాజత్ ఏంది?"

దీనికి జవాబు కోర్టు కంటే ముందు మన దీన్‌లోనే ఉంది. సూరహ్ నూర్ 27, 28 ఆయతులు మీ ఇళ్ళు కాని ఇళ్ళలోకి ఇజాజత్ తీసుకోకుండా, సలాం చెప్పకుండా పోవద్దంటాయి. లోపల ఎవరూ లేకపోతే అప్పుడూ పోవద్దంటాయి. తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళిపొమ్మంటాయి. ఈ ఆయతులు మనందరికీ తెలుసు. చిన్నప్పుడు మక్తబ్‌లో చదివినవే. మాలిక్ మకాన్ దగ్గర జరిగేది ఏమంటే, "మీ ఇళ్ళు కాని ఇళ్ళు" అన్న మాట తనకు వర్తించదని ఆయన అనుకుంటాడు. రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు తనదే కదా!

కానీ ఖురాన్‌లో ఇల్లు ఎవరిదని చెప్పేటప్పుడు ప్రతిసారీ మిల్కియత్‌నే చూడరు. సూరహ్ తలాఖ్ మొదటి ఆయతులో తలాఖ్ పొందిన స్త్రీలను ఇద్దత్ కాలంలో "వాళ్ళ ఇళ్ళ" నుంచి వెళ్ళగొట్టవద్దని ఉంది. ఆ ఇళ్ళు మామూలుగా భర్తలవే. అయినా వాటిని ఆ ఆడవాళ్ళ ఇళ్ళనే అన్నారు, ఎందుకంటే అక్కడ నివసించేది వాళ్ళు. ఫిఖ్‌హ్ ఇజారా గురించి చెప్పేదీ ఇంతే. బాడుగకు ఇవ్వడమంటే ఇంటి మన్ఫఅత్‌ను, అంటే ఆ ఇంటిని వాడుకునే ఫాయిదాను, ఒక ముద్దత్ వరకు అమ్మడం. గోడలు మీవి, లోపల బతికే హక్ వాళ్ళది. నెల నెలా మీరు జేబులో వేసుకునే డబ్బు దానికే. అమ్మిన సరుకును మళ్ళీ చేతిలోకి తీసుకొని తిప్పి చూసే దుకాణదారును మనం ఏమంటాం?

తెలుగులో కబ్జా అంటే ఆక్రమణ. మన ఉర్దూలో ఖబ్జా అంటే కేవలం స్వాధీనం, చేతిలో ఉండటం. బాడుగ ఇంటి విషయంలో మిల్కియత్ మాలిక్‌ది, ఖబ్జా కిరాయెదారుది. ఈ తేడాను హిందుస్తాన్ ఖానూన్ కూడా ఒప్పుకుంటుంది. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లో అక్రమ ప్రవేశం గురించి ఉంది. అందులో చూసేది ఆస్తి ఎవరి పేరున ఉందని కాదు, ఎవరి స్వాధీనంలో ఉందని. బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో నియ్యత్‌తో మరొకరి స్వాధీనంలోని ఇంట్లోకి చొరబడితే, చొరబడినవాడు ఆ ఇంటి మాలికే అయినా తప్పు తప్పే. చెప్పకుండా వచ్చిన ప్రతి మాలిక్ మీదా కేసు అవుతుందని నేను అనడం లేదు, అక్కడ నియ్యత్‌ను రుజువు చేయాలి. కానీ "నా ఇల్లు, నా ఇష్టం" అనే మాట మాత్రం ఖానూన్ ముందు నిలబడదు.

అలాగని మాలిక్‌కు చూసే హక్ లేదా? ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ దీన్ని సాఫ్‌గా చెబుతుంది. మాలిక్ గానీ, ఆయన మనిషి గానీ తగిన వేళల్లో ఇంట్లోకి వచ్చి ఇంటి హాలత్ చూసుకోవచ్చు, కిరాయెదారు దానికి ఒప్పుకోవాలి. ఏదైనా చెడిపోయి ఉంటే నోటీసు ఇవ్వవచ్చు. ఆ చెడగొట్టింది కిరాయెదారు వైపువాళ్ళే అయితే, నోటీసు అందిన మూడు నెలల్లో బాగు చేయించాలి. అదే సెక్షన్‌లో, బాడుగ కడుతూ షర్తుల ప్రకారం నడుచుకునే కిరాయెదారు ఏ అడ్డంకీ లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చని మాలిక్ మాట ఇచ్చినట్టేనని కూడా ఉంది. రెండు హక్కులూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. మన మాలిక్‌లు మొదటిది మాత్రమే చదువుతారు.

అందులోని రెండు మాటలు చూడండి. ఒకటి, "తగిన వేళ". రెండు, "ఇంటి హాలత్". చూడాల్సింది ఇంటి హాలత్‌ను. గోడకు చెమ్మ ఉందా, మిద్దె కారుతోందా, వైరింగ్ కాలిందా, తలుపు చౌకట్టుకు చెదలు పట్టిందా, ఇవి. ఇంట్లో ఎంతమంది చుట్టాలు దిగారు, అల్మారాలో ఏముంది, ఫ్రిజ్ కొత్తదా పాతదా, ఆడపిల్లకు సంబంధాలు చూస్తున్నారా, ఇవి కావు. నవ్వకండి, ముఆయినాకని వచ్చి ఇవన్నీ చూసి, అడిగి, మరుసటి నెల బాడుగ పెంచిన మాలిక్‌లు ఉన్నారు. "కొత్త ఫ్రిజ్ కొన్నారు కదా భాయ్, ఐదు వందలు ఎక్కువ ఇవ్వలేరా?"

ఇక ఎంత ముందుగా చెప్పాలి? కేంద్ర ప్రభుత్వం 2021లో నమూనా కిరాయి చట్టం ఒకటి తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. అందులో మాలిక్ ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ, ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ దారిలో గానీ ఇత్తిలా ఇవ్వాలని ఉంది. ఆ ఇత్తిలాలో రోజు, టైము, కారణం మూడూ ఉండాలి. పొద్దు పొడవకముందు, పొద్దు గూకిన తర్వాత రాకూడదు. వరద, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం లాంటి ఆపద వస్తే మాత్రం ఇత్తిలా అక్కర్లేదు. నమూనా అంటే రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలు. మన రాష్ట్రానికి 2017 నాటి సొంత కిరాయి చట్టం ఉంది, కేసు దాకా పోతే ఏది వర్తిస్తుందో వకీలు చూసుకుంటాడు. నేను ఆ నమూనాను ఇక్కడ కొలబద్దగా మాత్రమే తెచ్చాను. ధర్మవరం మెసేజ్‌ను దాని పక్కన పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నరకు పంపి, పొద్దున ఏడుకు వచ్చారు. తొమ్మిదిన్నర గంటల ముహ్లత్. టైము రాయలేదు, కారణం రాయలేదు.

అసలు 24 గంటలు కూడా మన ఇళ్ళకు చాలదని నా అభిప్రాయం. అది ఖానూన్ గీసిన అడుగు గీత. మన ఇళ్ళ నడక వేరు. సూరహ్ నూర్‌లోనే 58వ ఆయతులో ఇంట్లో తిరిగే పిల్లలు, పనివాళ్ళు కూడా మూడు వేళల్లో ఇజాజత్ అడగాలని ఉంది: ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు వదులుచేసుకొని నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత. సొంత పిల్లలకే ఈ షర్తు ఉంటే బయటి మగవాళ్ళ సంగతి చెప్పాలా? పర్దా పాటించే ఇంట్లో మేస్త్రీతో సహా ముగ్గురు మగవాళ్ళు వస్తున్నారంటే, ఆ ఆడవాళ్ళు ఏ గదిలో ఉండాలో, వంట ఎప్పుడు ముగించుకోవాలో చూసుకోవాలి. మగదిక్కు ఇంట్లో లేకపోతే అన్ననో మామనో పిలిపించుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఇది చిన్న పని కాదు. ఇంట్లో ఎవరైనా ఇద్దత్‌లో ఉంటే, బాలింత ఉంటే మరీ కష్టం. మామూలు ముఆయినాకు మూడు రోజుల ముహ్లత్ ఇస్తే మాలిక్‌కు పోయేదేముంది?

ఒకటి పోతుందంటారు. "ముందే చెబితే సర్దేసుకుంటారు, దాచేస్తారు." ఈ మాట హిందూపురంలో ఒక పెద్దమనిషి నాతో చాలా నమ్మకంగా అన్నాడు. నేను అడిగాను, "చాచా, చెమ్మ పట్టిన గోడను మూడు రోజుల్లో ఎక్కడ దాస్తారు?" మిద్దె పగులును దాచలేరు. కాలిన స్విచ్ బోర్డును దాచలేరు. మూడు రోజుల్లో దాచగలిగేది ఉతకని బట్టలు, కడగని గిన్నెలు, ఇంటికొచ్చిన చెల్లెలు. వాటితో మాలిక్‌కు పనే లేదు. ఇంట్లో ఏదో చెడ్డ వ్యాపారం నడుస్తోందని నిజంగా షక్ ఉంటే, దానికి వేరే దారి ఉంది. గోడలు చూడాలని అబద్ధం చెప్పి లోపలికి తొంగిచూడటం ఆ దారి కాదు.

పెనుకొండ సంగతి ఇంకో రకం. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చి 2019లో ఉత్పత్తి మొదలైన తర్వాత ఆ చుట్టుపక్కల బాడుగ గదులకు గిరాకీ పెరిగింది. బాబా ఫఖ్రుద్దీన్ దర్గాకు వచ్చే జాయిరీన్‌కు మాత్రమే గదులిచ్చిన ఇళ్ళలో ఇప్పుడు షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్ళు నలుగురైదుగురు కలిసి ఉంటున్నారు. వీళ్ళ విషయంలో మాలిక్‌లకు ఇజాజత్ అన్న ఆలోచనే రాదు. "బ్యాచిలర్లే కదా!" అంటారు, తలుపు నెట్టుకొని పోతారు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఎనిమిదికి పడుకున్నవాడికి పదకొండు గంటలంటే అర్ధరాత్రి. నమూనా చట్టం చెప్పిన పగటిపూట షర్తు ఇక్కడ అక్షరాలా నిండినా, "తగిన వేళ" మాత్రం కాలేదు. ఎప్పుడు రావాలో వాళ్ళ షిఫ్టు చూసి అడగాలి. పెళ్ళి కాకపోతే హయా ఉండదని ఎవరన్నారు?

హిందూపురంలో ఎక్కువగా కనిపించేది ఇంకొకటి: పైన మాలిక్, కింద కిరాయెదారు, మాలిక్ దగ్గర ఇంకో తాళంచెవి. కింది వాళ్ళు బక్రీద్‌కు ఊరికి పోతారు. రెండు రోజుల తర్వాత పైనుంచి మాలిక్ దిగి, తాళం తీసి, గదులన్నీ తిరిగి చూసి, మళ్ళీ తాళం వేసుకొని పోతాడు. తిరిగొచ్చిన ఇల్లాలికి జానమాజ్ మడత మారి కనిపిస్తుంది. అడిగితే "నీళ్ళు కారుతున్నాయేమో అని చూశాను" అంటాడు. లోపల ఎవరూ లేకపోతే పోవద్దన్న 28వ ఆయతు సరిగ్గా ఈ తాళంచెవి గురించే వచ్చిందా అనిపిస్తుంది. నిజంగా నీళ్ళు కారుతుంటే ఒక ఫోన్ చాలు. ఆ ఫోన్ ఎత్తకపోతే, నీళ్ళు నిజంగానే గోడలోంచి వీధిలోకి వస్తుంటే, ఇద్దరు ఇరుగుపొరుగును గవాహ్‌గా పెట్టుకొని తాళం తీయండి, మోటారు ఆపండి, బయటికి రండి, వెంటనే మెసేజ్ పెట్టండి. కాలుతున్న వైరుకు మూడు రోజుల ముహ్లత్ ఇమ్మని ఎవరూ అనరు.

ఇప్పుడు ధర్మవరం సంగతికి తిరిగి వస్తాను, ఎందుకంటే అక్కడ మాలిక్‌కు కూడా నష్టమే జరిగింది. ఆ కిరాయెదారు పట్టుచీరలు నేసే మనిషి. ముందు గదిలో గుంత మగ్గం. అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకొని తొక్కుతూ నేసే మగ్గం. మగ్గం వెనక గోడకు చెమ్మ వస్తోందని, పట్టు పాడైపోతుందని రెండు నెలలుగా మాలిక్‌కు చెబుతున్నది ఆయనే. అంటే మాలిక్ వచ్చింది మంచి పనికే, మరమ్మతు కోసమే. ఆ ముక్క మెసేజ్‌లో రాయలేదు.

పొద్దున ఏడుకు మాలిక్, ఆయన బావమరిది, ఒక మేస్త్రీ వచ్చారు. ఇంట్లో ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునే వేళ. పిల్లలను బడికి తయారుచేసే వేళ. కిరాయెదారు వాళ్ళను వాకిట్లోనే పది నిమిషాలు నిలబెట్టాల్సి వచ్చింది, మాలిక్‌కు కోపం వచ్చింది. లోపలికి వచ్చాక మేస్త్రీ గోడను గోకి చూడాలన్నాడు. మగ్గం మీద పడుగు ఎక్కి ఉంది. సున్నం పొడి, మట్టి పట్టు మీద పడితే ఆ చీర విలువ పోయినట్టే. పడుగు ఎక్కిన మగ్గాన్ని పక్కకు జరపడం కుదరదు. ముందే తెలిసుంటే దుప్పటి కప్పేవాళ్ళు, లేదా ఆ పడుగు అయిపోయే రోజు చెప్పేవాళ్ళు. గోడను ముట్టుకోనివ్వలేదు. బావమరిది ఊరుకోకుండా సెల్‌ఫోన్‌తో గదులన్నిటికీ ఫోటోలు తీశాడు, వంటింటికి కూడా. మాటా మాటా పెరిగింది. మేస్త్రీ తన పూట కూలీ అడిగి తీసుకొని పోయాడు. గోడ అలాగే ఉంది. కిరాయెదారు మనసులో "ఖాళీ చేయించడానికే వచ్చారు" అన్న షక్ పడింది, మాలిక్ మనసులో "ఏదో దాస్తున్నారు" అన్న షక్ పడింది. ఇద్దరిదీ తప్పు ఊహే.

అదే మాలిక్ బుధవారం సాయంత్రం ఇలా రాసి ఉంటే?

"అస్సలాము అలైకుమ్ భాయ్. అంతా ఖైరియత్ కదా. మగ్గం వెనక గోడకు చెమ్మ వస్తోందని మీరు చెప్పారు కదా, దాన్ని చూపించడానికి మేస్త్రీని తీసుకొని శనివారం పొద్దున పదకొండుకు రావాలనుకుంటున్నాను. నేను, మేస్త్రీ, ఇద్దరమే వస్తాం. మగ్గం గది, దాని పైన మిద్దె మాత్రమే చూస్తాం. అరగంట పడుతుంది. గోడ కొంచెం గోకి చూడాల్సి వస్తుంది, పడుగు మీద దుప్పటి కప్పి పెట్టండి. ఫోటో తీయాల్సి వస్తే ఆ గోడకు మాత్రమే, మిమ్మల్ని అడిగి తీస్తాం. ఆ టైము మీకు గానీ ఇంట్లో వాళ్ళకు గానీ ఇబ్బంది అయితే మీకు వీలైన టైము చెప్పండి, మార్చుకుంటాను. ఇంట్లో భాభీకి కూడా ఒక మాట చెప్పండి."

కిరాయెదారు హిందూ అయితే సలాం బదులు "నమస్తే అన్నా", భాభీ బదులు "వదిన" అని రాస్తే చాలు. మిగతాదేదీ మార్చనక్కర్లేదు.

ఇందులో ఏముందో చూడండి. ఎందుకు, ఎప్పుడు, ఎవరు, ఎక్కడెక్కడ, ఎంతసేపు. ఇవన్నీ రాయడానికి రెండు నిమిషాలు. ఎందుకొస్తున్నామో మొదటే చెప్పడం వల్ల చదివేవాళ్ళ గుండె కుదుటపడుతుంది, "ఖాళీ చేయించడానికేమో" అన్న భయం పుట్టదు. మక్సద్ దాచిపెట్టి "చెక్ చేయాలి" అని రాస్తే చదివేవాడు అన్నిటికంటే చెడ్డ అర్థమే తీసుకుంటాడు. కొత్త కిరాయెదారుకు చూపించడానికి వస్తుంటే అదే రాయాలి. కొనేవాళ్ళను తీసుకొస్తుంటే అదీ రాయాలి. మరమ్మతు అని చెప్పి బేరగాణ్ణి వెంటబెట్టుకొని రావడం ధోఖా, దానికి వేరే పేరు లేదు.

ఆఖరి ముక్క, "భాభీకి కూడా చెప్పండి", నేను కావాలనే పెట్టాను. మన ఇళ్ళలో బాడుగ కాగితం మీద సంతకం మగవాడిది, ఫోన్ నంబరు మగవాడిది. ఆయన పెనుకొండలోనో బెంగళూరులోనో పనిలో ఉంటాడు. మెసేజ్ సాయంత్రం చూసుకుంటాడు, లేదా చూసి మరిచిపోతాడు. తలుపు తీయాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న ఆమె. ఆయనకు ఇత్తిలా అందింది, ఆమెకు అందలేదు. ఖానూన్ లెక్కలో నోటీసు ఇచ్చినట్టే, ఇన్సాఫ్ లెక్కలో ఇవ్వనట్టే. మీ ఇంటి ఆడవాళ్ళతో ఆ ఇంటి ఆడవాళ్ళకు ఒక ఫోన్ చేయించండి. ఇది మన మహల్లాల్లో చాలా తేలిక.

మాటల గురించి ఇంకొంచెం. "తనిఖీ" అని రాసేవాళ్ళున్నారు. ఆ మాట మన తన్కీహ్ నుంచే తెలుగులోకి వచ్చింది, కానీ తెలుగులో దాని వాసన మారిపోయింది. తనిఖీ అంటే ఇప్పుడు పోలీసులు, ఎక్సైజువాళ్ళు గుర్తొస్తారు. "చూసుకోవడానికి వస్తాం" అంటే పోతుంది. "ఉండాలి", "చూపించాలి", "తెరిచి పెట్టాలి" అని హుకుం రాసేవాళ్ళు "మీకు వీలవుతుందా" అని రాయడం నామోషీ అనుకుంటారు. ఇంకో రకం, వకీలుతో రాయించిన నోటీసు: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా... లేనియెడల తగు చర్య తీసుకొనబడును." మూడేళ్ళుగా ఒక్క నెల కూడా బాడుగ ఆపని ముసలి దంపతులకు చెమ్మ గోడ చూడటానికి ఇలాంటి కాగితం పంపినవాళ్ళను చూశాను. ఆ కాగితం పట్టుకొని ఆ పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బేటా, మేము ఏం తప్పు చేశాం?" అని అడిగాడు. నోటీసులో రోజు, టైము, కారణం అన్నీ ఉన్నాయి. తమీజ్ ఒక్కటే లేదు.

27వ ఆయతులో ఇజాజత్‌కు వాడిన మాట కూడా ఉన్స్ అనే ధాతువు నుంచి వచ్చింది. మన ఉర్దూలో మానూస్ అంటామే, అదే కుదురు. ఊరికే పర్మిషన్ పుచ్చుకోవడం అని కాదు, లోపలివాళ్ళ మనసు మనతో కలిసేలా, వాళ్ళకు బెదురు లేకుండా చేసుకోవడం అన్న అర్థం అందులో ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఎవరి ఇంటికైనా వెళ్తే తలుపుకు ఎదురుగా నిలబడకుండా కుడివైపుకో ఎడమవైపుకో నిలబడేవారని హదీసు ఉంది. మూడుసార్లు ఇజాజత్ అడిగి, రాకపోతే తిరిగి వెళ్ళమని కూడా ఉంది. మన మాలిక్‌లు నిలబడేది తలుపుకు ఎదురుగానే, ఒక చేయి గడియ మీద పెట్టి.

కిరాయెదారులకూ ఒక మాట. చాలామంది ఈ వ్యాసం చదివి ఖుషీ అయి ఉంటారు. మాలిక్ ఇంత అదబ్‌తో రాసినా "ఈ వారం వద్దు", "వచ్చే వారం చూద్దాం", "మా ఆయన ఊళ్ళో లేడు" అని నెలలు జరిపేవాళ్ళు మనలో ఉన్నారు. ఇంటి హాలత్ చూడనివ్వడం మీ మీద ఉన్న ఫర్జ్, చట్టంలోనూ అంతే. టైము కుదరకపోతే వద్దని ఊరుకోకండి, మీరే ఇంకో రోజు చెప్పండి, ఆ వారంలోనే. రెండోసారి కూడా మార్చాల్సి వస్తే కారణం చెప్పండి. నేలలో మగ్గం గుంత తవ్వుతుంటే, గోడకు కొత్తగా రంధ్రాలు వేస్తుంటే మాలిక్‌కు ముందే చెప్పి ఉంటే, ఆయన చూడ్డానికి వచ్చిన రోజు మీ ముఖం తెల్లబోదు.

చెప్పకుండా వచ్చేస్తే ఏం చేయాలని అడుగుతున్నారు. తలుపు దగ్గరే సలాం చెప్పి, "ఈ రోజు కుదరదు భాయ్, ఫలానా రోజు ఫలానా టైముకు రండి" అని మర్యాదగా చెప్పండి. ఆయన వెళ్ళాక అదే మాటను మెసేజ్‌గా పెట్టండి. రేపు "లోపలికి రానివ్వలేదు" అన్న ఫిర్యాదు వస్తే, మీరు రోజు ఇచ్చారని ఆ మెసేజ్ చెబుతుంది. మళ్ళీ మళ్ళీ జరిగితే తేదీలు రాసిపెట్టుకోండి, మస్జిద్ కమిటీలో ఇద్దరూ మాట వినే పెద్దమనిషి ఉంటే ఆయన ముందు పెట్టండి. తోసుకొని వస్తే, ఆడవాళ్ళను ఏమన్నా అంటే, అప్పుడు పోలీస్ స్టేషన్ ఉంది.

మన ఊళ్ళలో బాడుగ కాగితం పదకొండు నెలలకు రాసుకుంటారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. కాగితం అచ్చేసినట్టు ఒకేలా ఉంటుంది, డీటీపీ షాపులో పేర్లు మార్చి ఇస్తాడు. అందులో ముఆయినా గురించి సాధారణంగా ఒకటే లైను, "యజమాని ఎప్పుడైనా వచ్చి ఇల్లు చూసుకొనవచ్చును." ఈసారి కాగితం రాయించేటప్పుడు ఆ "ఎప్పుడైనా" కొట్టేయించి ఇది రాయించండి: "యజమాని ఇంటి స్థితి చూడటానికి గానీ, మరమ్మతులకు గానీ రావాలంటే కనీసం మూడు రోజుల ముందు కారణం, రోజు, సమయం, వచ్చేవారి సంఖ్య తెలుపుతూ మెసేజ్ గానీ కాగితం గానీ ఇవ్వాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత, రంజాన్ నెలలో అసర్ నుంచి రాకూడదు. కిరాయెదారుకు ఆ సమయం వీలుకాకపోతే వారం లోపల మరో సమయం చెప్పాలి. నిప్పు, నీరు, కరెంటు ప్రమాదాలకు ఇది వర్తించదు. కిరాయెదారు లేనప్పుడు యజమాని దగ్గరున్న తాళంచెవి వాడరాదు, ప్రమాదమైతే తప్ప." డీటీపీ అబ్బాయి ఇంకో ఇరవై రూపాయలు అడుగుతాడేమో. సగం మాలిక్ ఇవ్వాలి.